యూట్యూబ్‌లో లైవ్ ఆగిపోతే: కారణం కనుక్కోవడం, తిరిగి తెచ్చుకోవడం

లైవ్ మొదలుపెడదామని వెళ్తే బటన్ నొక్కుడు పడదు. లేదా ఈ సదుపాయం మీ ఛానెల్‌కు ప్రస్తుతం లేదన్న వాక్యం కనిపిస్తుంది. ఆ కంగారులో చాలామంది వెంటనే గొడవకు కారణమైన వీడియోను తొలగిస్తారు, లేదా పక్కనే ఇంకో ఛానెల్ తెరిచి అక్కడినుంచి ప్రసారం మొదలుపెడతారు. మొదటి పని వల్ల ఏ లాభమూ ఉండదు. రెండో పని వల్ల ఉన్న ఖాతా కూడా పోవచ్చు. కాబట్టి కారణం ఏమిటో తేలేదాకా దేన్నీ తొలగించకండి, కొత్తగా దేన్నీ తెరవకండి.

యూట్యూబ్ లైవ్‌ను ఆపడానికి కారణాలు ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి. ఒక్కోదానికి గడువు వేరు, బయటపడే మార్గం వేరు. వీటిలో ఎక్కువ మందిని ఇబ్బంది పెట్టేదీ, ఎక్కువ మంది పొరపాటుగా అర్థం చేసుకునేదీ కాపీరైట్ వల్ల ఆగిపోవడం. అందుకే దాన్ని వివరంగా, ఒక ఉదాహరణతో చెబుతాను. మిగతావాటికి అవసరమైనంత చెబుతాను.

మొదటి మెట్టు: తీసేశారా, ఇంకా ఇవ్వలేదా?

కంప్యూటర్‌లో studio.youtube.com తెరవండి. ఎడమవైపు కింద Settings, అందులో Channel, అందులో Feature eligibility అన్న భాగానికి వెళ్లండి. మీ ఛానెల్‌కు ఏ సదుపాయాలు ఉన్నాయో, ఏవి లేవో అక్కడ తెలుస్తుంది. లైవ్ ప్రసారం రెండో అంచెలో ఉంటుంది. దానికి ఫోన్ నంబరుతో ధ్రువీకరణ కావాలి. ధ్రువీకరణ జరగకపోతే మీ లైవ్‌ను ఎవరూ ఆపలేదు, అది మీకు ఇంకా రాలేదంతే. నంబరు ఇచ్చి, వచ్చిన కోడ్ టైప్ చేస్తే ఆ పని పూర్తవుతుంది. ఒక నంబరును ఏడాదిలో రెండు ఛానెళ్లకు మించి వాడనివ్వరు. నంబరును అంగీకరించడం లేదంటే ముందుగా ఈ పరిమితిని అనుమానించండి.

ధ్రువీకరణ అయ్యాక మొదటిసారి లైవ్‌ను అడిగినప్పుడు అది తెరుచుకోవడానికి 24 గంటల దాకా పట్టవచ్చు. ఈ విషయం తెలియక, సాయంత్రం కార్యక్రమం పెట్టుకుని మధ్యాహ్నం అడిగి, తమను నిషేధించారని బాధపడేవారు ఉన్నారు. ఆ సమయం గడిచేదాకా ఆగడం తప్ప చేయగలిగింది లేదు.

ఫోన్ నుంచి లైవ్ ఇవ్వాలంటే ఇంకో షరతు ఉంది: ఛానెల్‌కు కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. కంప్యూటర్‌లో వెబ్‌క్యామ్‌తో గానీ, ఓబీఎస్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో గానీ ఇచ్చే లైవ్‌కు ఈ లెక్క వర్తించదు. కాబట్టి ఫోన్‌లో పనిచేయకపోతే అదే ఖాతాతో కంప్యూటర్‌లో ప్రయత్నించి చూడండి. అక్కడ వస్తుంటే మీ మీద ఏ చర్యా లేదు.

వయసు నియమం కూడా మారింది. 2025 జులై 22 నుంచి సొంతంగా లైవ్ ఇవ్వాలంటే కనీసం 16 ఏళ్లు నిండాలి. అంతకుముందు 13 ఏళ్లు చాలేవి. అంతకంటే చిన్నవారు లైవ్‌లో పాల్గొనాలంటే పక్కన పెద్దవారు స్పష్టంగా కనిపించాలి. ఛానెల్‌లో ఆ పెద్దవారిని మేనేజరుగానో ఎడిటరుగానో చేర్చి, ప్రసారాన్ని వారే నడపాలి. ఈ నియమం వల్ల ఆగిన లైవ్‌కు అప్పీళ్లతో పని జరగదు. పెద్దవారి పర్యవేక్షణలోకి మారడమే దారి.

రెండో మెట్టు: చర్య ఏ రకానిదో చదవడం

పైవేవీ కాకపోతే నిజంగానే చర్య జరిగింది. స్టూడియో మొదటి పేజీలో Channel violations అన్న చిన్న పెట్టె కనిపిస్తుంది. ఛానెల్‌కు ముడిపడిన ఈమెయిల్‌కు సందేశం కూడా వస్తుంది. ఆ ఈమెయిల్‌ను పూర్తిగా, నిదానంగా చదవండి. మీకు కావలసినవి నాలుగు సంగతులు: ఏ వీడియో లేదా ఏ లైవ్, అందులో ఏ భాగం, ఫిర్యాదు చేసింది యూట్యూబ్ వ్యవస్థా లేక బయటి హక్కుదారా, ఆంక్ష ఎప్పటితో ముగుస్తుంది.

చదివాక మీ పరిస్థితి ఈ నాలుగింటిలో ఒకటిగా తేలుతుంది. ఛానెల్‌కు కమ్యూనిటీ మార్గదర్శకాల స్ట్రైక్, అంటే నియమం మీరినందుకు ఛానెల్ మీద నమోదయ్యే శిక్ష, వచ్చి ఉండవచ్చు. మీ లైవ్ గానీ, దాని రికార్డింగ్ గానీ హక్కుదారు ఫిర్యాదుతో తొలగి ఉండవచ్చు. రికార్డింగ్‌ను ఏ దేశంలోనూ కనబడకుండా నిలిపివేసి ఉండవచ్చు. లేదా మీరు ప్రసారం చేసింది మరొకరి ప్రత్యక్ష ప్రసారంతో సరిపోలి ఉండవచ్చు. ఈ నాలుగింటిలో మూడు కాపీరైట్‌కు సంబంధించినవేనని గమనించండి. అసభ్యంగానో హింసాత్మకంగానో ఏమీ చూపించకుండానే లైవ్ పోవడానికి ఇదే కారణం. నేనేం తప్పు చేశానని ఆశ్చర్యపోయేవారిలో చాలామంది విషయంలో తప్పు మాటల్లో ఉండదు. వెనక వినిపించే పాటలోనో, తెర మూలన కనిపించే దృశ్యంలోనో ఉంటుంది.

మరో సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. కాపీరైట్ క్లెయిమ్ వేరు, కాపీరైట్ స్ట్రైక్ వేరు. క్లెయిమ్‌ను చాలావరకు కంటెంట్ ఐడీ అనే యాంత్రిక వ్యవస్థ వేస్తుంది. హక్కుదారులు ముందే ఇచ్చిన నమూనాలతో మీ ధ్వనినీ దృశ్యాన్నీ పోల్చి, సరిపోలితే ఆ వీడియో మీద ఆదాయం వారికి మళ్లిస్తుంది, లేదా వీడియోను కనబడకుండా చేస్తుంది. క్లెయిమ్ వల్ల స్ట్రైక్ పడదు. స్ట్రైక్ పడేది, హక్కుదారు చట్టప్రకారం తొలగింపు అభ్యర్థన పంపినప్పుడు. ఈ రెండింటికీ జవాబిచ్చే పద్ధతులు పూర్తిగా వేరు కాబట్టి, మీకు వచ్చింది ఏదో తెలియకుండా ఏ ఫారమూ నింపకండి.

ఒక ఉదాహరణ: ఆట మీద వ్యాఖ్యానం ఇచ్చే ఛానెల్

నాలుగు వేల మంది సబ్‌స్క్రైబర్లున్న ఒక ఛానెల్‌ను ఊహించుకోండి. నడిపే వ్యక్తి మ్యాచ్ జరుగుతుండగా తన ముఖం చూపిస్తూ వ్యాఖ్యానం చెబుతాడు. తెర కింది మూలలో చిన్న పెట్టెలో టీవీ ప్రసారం నడుస్తుంటుంది. అంత చిన్న పెట్టెలో ఉంటే ఎవరికి నష్టమని అతని ఆలోచన. జూన్ 3 సాయంత్రం, ప్రసారం మొదలైన నలభై నిమిషాలకు, చూసేవారికి అతని ముఖం బదులు కదలని ఒక బొమ్మ కనిపిస్తుంది.

ఆ బొమ్మ యూట్యూబ్ పెట్టింది. లైవ్ ప్రసారాలన్నింటినీ ఇతరుల కంటెంట్ కోసం వ్యవస్థ పరిశీలిస్తూనే ఉంటుంది. సరిపోలింది దొరికితే ముందు మీ దృశ్యం స్థానంలో ఒక నిశ్చల చిత్రం పెట్టి, ఆ కంటెంట్‌ను ఆపమని హెచ్చరిస్తుంది. మీరు ఆపితే ప్రసారం మళ్లీ సాగుతుంది. ఆపకపోతే తెగిపోతుంది. అంటే ఆ బొమ్మ కనిపించిన వేళ ఇంకా అంతా పోలేదు. మూలనున్న పెట్టెను తీసేసి, దాని శబ్దాన్ని కట్టేస్తే ఆ సాయంత్రం గండం గడిచిపోయేది.

ఉదాహరణలోని వ్యక్తి మాత్రం ఇంటర్నెట్ లోపమనుకుని, లైవ్ ఆపి, అదే అమరికతో మళ్లీ మొదలుపెడతాడు. కొద్దిసేపటికి ప్రసార హక్కులున్న సంస్థ తొలగింపు అభ్యర్థన పంపుతుంది. లైవ్ మాయమవుతుంది. ఛానెల్‌కు ఒక కాపీరైట్ స్ట్రైక్ పడుతుంది. నడుస్తున్న లైవ్‌ను కాపీరైట్ కింద తొలగిస్తే లైవ్ సదుపాయాన్ని 7 రోజులు ఆపుతారు. స్ట్రైక్ మాత్రం 90 రోజులు ఉంటుంది.

ఇప్పుడు అతను చేయవలసినవి వరుసగా చూద్దాం.

1. ఆ రాత్రే ఈమెయిల్‌లో ఫిర్యాదుదారు పేరు, తేదీ, ఏ భాగం మీద ఫిర్యాదో రాసిపెట్టుకోవాలి. ఓబీఎస్ రికార్డింగ్ కూడా తన కంప్యూటర్‌లో ఉంటే దాన్ని భద్రం చేసుకోవాలి. తర్వాత ఏం చూపించాడో తేల్చుకోవడానికి అదే ఆధారం.

2. కాపీరైట్ స్కూల్ పూర్తిచేయాలి. స్టూడియోలో స్ట్రైక్ వివరాల దగ్గరే అది ఉంటుంది. ఒక చిన్న పాఠం, దాని మీద కొన్ని ప్రశ్నలు. మొదటి స్ట్రైక్ వచ్చినవారికి ఇది తప్పనిసరి. దీన్ని పక్కన పెట్టి 90 రోజులు గడిస్తే అదే పోతుందిలే అని కూర్చుంటే స్ట్రైక్ పోదు. తక్కువ శ్రమతో అయిపోయే పని, ఎక్కువ మంది మరచిపోయే పని కూడా ఇదే.

3. స్ట్రైక్‌ను ముందే తీయించే వీలుందేమో ఆలోచించాలి. అందుకు రెండు దారులున్నాయి. హక్కుదారును సంప్రదించి ఫిర్యాదు వెనక్కి తీసుకోమని కోరడం ఒకటి. ప్రతివాద నోటీసు పంపడం రెండోది. మన ఉదాహరణలో అతను నిజంగానే అనుమతి లేకుండా ప్రసారాన్ని వాడాడు. హక్కుదారు వెనక్కి తగ్గే అవకాశం తక్కువ. ప్రతివాద నోటీసు అతనికి తగదు.

ప్రతివాద నోటీసు గురించి ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. దాన్ని మామూలు అప్పీలు అనుకుని నొక్కేవారిని చూస్తే భయమేస్తుంది. అది చట్టపరమైన పత్రం. పొరపాటున తొలగించారని, లేదా తమది కాని దాన్ని తమదనుకుని తొలగించారని, లేదా చట్టం అనుమతించే న్యాయమైన వాడకమని నిజంగా నమ్మకం ఉన్నవారే పంపాలి. అందులో మీ పూర్తి పేరు, చిరునామా, ఫోన్ నంబరు ఇవ్వాలి. అవి ఫిర్యాదుదారుకు చేరతాయి. ఆ తర్వాత కోర్టులో దావా వేసినట్టు ఆధారం చూపడానికి ఫిర్యాదుదారుకు అమెరికా పనిదినాల లెక్కన 10 రోజుల గడువు ఉంటుంది. సెలవులు కలుపుకుంటే అది సుమారు రెండు వారాలు. లైవ్ ఆంక్ష 7 రోజుల్లోనే తొలగిపోతుంది కదా. అంటే లైవ్ త్వరగా రావాలని ప్రతివాద నోటీసు పంపడంలో అర్థం లేదు. స్ట్రైక్ అన్యాయమైనదైతే, దాన్ని తీయించడానికి మాత్రమే అది ఉపయోగం.

4. పాత రికార్డింగులను వెతకాలి. అతను గత నెలల్లో కూడా ఇదే పద్ధతిలో లైవ్‌లు ఇచ్చి ఉంటే, అవన్నీ ఛానెల్‌లో నిలిచే ఉంటాయి. వాటిలో ఒకదాని మీద ఫిర్యాదు వచ్చినా మళ్లీ లైవ్ పోతుంది, రెండో స్ట్రైక్ పడుతుంది. మూడు స్ట్రైకులు చేరితే ఛానెల్‌నే మూసివేయవచ్చు. స్ట్రైక్ పడ్డాక ఆ వీడియోను తొలగిస్తే స్ట్రైక్ తొలగదు. కానీ ఇంకా ఫిర్యాదు రాని రికార్డింగును ముందే తొలగిస్తే దానిమీద రాబోయే ఫిర్యాదును తప్పించుకున్నట్టే. స్టూడియోలో Content, అందులో Live విభాగం తెరిచి, ఒక్కో పాత లైవ్‌నూ చూసుకుంటూ పోవాలి. ప్రైవేటుగా మార్చి వదిలేయడం సరిపోదు. అలా మార్చినవాటినీ కంటెంట్ ఐడీ పరిశీలిస్తుంది.

5. ఆగాలి. జూన్ 10తో లైవ్ ఆంక్ష ముగుస్తుంది. సెప్టెంబర్ 1తో 90 రోజులూ పూర్తయి, కాపీరైట్ స్కూల్ పూర్తిచేసి ఉంటే, స్ట్రైక్ కూడా పోతుంది. ఈ మధ్యకాలంలో లైవ్ ఇవ్వవచ్చు. కానీ నెత్తిమీద స్ట్రైక్ ఉందన్న ఎరుకతో ఇవ్వాలి.

ఈ 7 రోజుల్లో వేరే ఛానెల్ నుంచి లైవ్ ఇవ్వడం మాత్రం కూడదు. సొంతదైనా, ఇంట్లోవారిదైనా, మిత్రుడిదైనా అంతే. ఒక ఖాతా మీద లైవ్ ఆంక్ష ఉన్నంతకాలం ఇంకో ఛానెల్ ద్వారా ప్రసారం చేయడాన్ని యూట్యూబ్ ఆంక్షను దాటవేయడంగా చూస్తుంది. దానికి శిక్ష ఖాతా రద్దు. వారంలో తిరిగొచ్చే సదుపాయం కోసం ఏళ్లు కష్టపడి కట్టుకున్న ఛానెల్‌ను పణంగా పెట్టవద్దని చేతులు పట్టుకుని చెప్పాలనిపిస్తుంది. సబ్‌స్క్రైబర్లకు ఫలానా తేదీన మళ్లీ కలుద్దామని చెప్పండి, వారు అర్థం చేసుకుంటారు.

అనుమతి ఉన్నా ఆగిపోతే

డబ్బు చెల్లించి సంగీతం వాడుకునే హక్కు తీసుకున్నా లైవ్ ఆగిపోయే సందర్భాలున్నాయి. కంటెంట్ ఐడీకి మీ ఒప్పందం గురించి తెలియదు. అది ధ్వనిని పోలుస్తుంది, అంతే. అందువల్ల లైవ్‌కు ముందే హక్కుదారుకు రాసి, కంటెంట్ ఐడీలో మీ ఛానెల్‌ను మినహాయింపుల జాబితాలో చేర్చమని అడగాలి. వారు మీ ఛానెల్ ఐడీ అడుగుతారు. youtube.com/account_advanced తెరిస్తే UC అక్షరాలతో మొదలయ్యే పొడవైన గుర్తు కనిపిస్తుంది. అదే పంపండి. చేర్చామని జవాబు వచ్చాకే ఆ సంగీతాన్ని లైవ్‌లో వాడండి. కొనుగోలు రశీదు మీ దగ్గర ఉండటం నడుస్తున్న లైవ్‌ను కాపాడదు, తర్వాత వివాదంలో పనికొస్తుంది.

రికార్డింగ్‌ను నిలిపివేసినప్పుడు

కొన్నిసార్లు లైవ్ సాఫీగా ముగుస్తుంది. తర్వాత దాని రికార్డింగును మళ్లీ పరిశీలించినప్పుడు క్లెయిమ్ పడి, వీడియో ఏ దేశంలోనూ కనబడకుండా పోతుంది. స్ట్రైక్ ఏదీ ఉండదు. అయినా లైవ్ ఆగిపోతుంది. ఇక్కడ అసలు సమస్య ఆ రికార్డింగే కాబట్టి దాన్నే సరిచేయాలి. స్టూడియోలో ఆ వీడియో పక్కన Restrictions వరుసలో Copyright అన్న మాట ఉంటుంది. దాన్ని నొక్కి వివరాల్లోకి వెళితే సరిపోలిన భాగం ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకానో చూపిస్తుంది. ఆ ముక్కను కత్తిరించవచ్చు. పాట అయితే దాన్ని మాత్రమే నిశ్శబ్దం చేయవచ్చు, లేదా వేరే పాట పెట్టవచ్చు. మార్పు విజయవంతమైతే క్లెయిమ్ దానంతటదే వదులుతుంది. ఆరు గంటలకు మించిన వీడియోలను మాత్రం స్టూడియో ఎడిటర్ సరిచేయనివ్వకపోవచ్చు. గంటల తరబడి లైవ్ ఇచ్చేవారు దాన్ని విడివిడి భాగాలుగా ఇవ్వడం ఇందుకే మంచిది.

క్లెయిమ్ తప్పని మీకు నమ్మకముంటే వివాదం లేవనెత్తండి. జవాబివ్వడానికి హక్కుదారుకు 30 రోజుల గడువుంటుంది. కాబట్టి లైవ్ తొందరగా కావాలనుకునేవారికి కత్తిరింపే దగ్గరి దారి.

మార్గదర్శకాల స్ట్రైక్ అయితే

ఇది కాపీరైట్ కాదు, ఏం చూపించారు, ఏం చెప్పారు అన్నదానికి సంబంధించింది. సాధారణంగా మొదటి ఉల్లంఘనకు హెచ్చరిక మాత్రమే వస్తుంది. అప్పుడు ఒక చిన్న శిక్షణ పూర్తిచేసే అవకాశం ఇస్తారు. పూర్తిచేసి 90 రోజుల్లో అదే నియమాన్ని మళ్లీ మీరకపోతే హెచ్చరిక తొలగిపోతుంది. ఈ శిక్షణను వదులుకోకండి.

హెచ్చరిక దాటి మొదటి స్ట్రైక్ వస్తే ఒక వారం పాటు లైవ్‌తో పాటు వీడియోలు పెట్టడం కూడా ఆగుతుంది. 90 రోజుల్లోపు రెండోది వస్తే రెండు వారాలు. అదే వ్యవధిలో మూడోదైతే ఛానెల్ శాశ్వతంగా పోతుంది. ముందే తేదీ వేసి ఉంచిన ప్రసారాలు ప్రైవేటుగా మారతాయి. ఆంక్ష తీరాక వాటికి మళ్లీ తేదీ ఇచ్చుకోవాలి. ఇది మరచిపోతే చెప్పిన రోజున ప్రేక్షకులు వచ్చి ఖాళీ చేతులతో వెళ్తారు. ఇవి కాక, ప్రత్యేకంగా లైవ్ మీదే ఆంక్ష పడితే 14 రోజులు ప్రసారం ఇవ్వలేకపోవచ్చు. అందుకే నియమాలు కంఠస్థం చేసి లెక్క వేసుకోవడం కంటే స్టూడియోలో కనిపించే తేదీనే నమ్మండి.

లైవ్‌కు మామూలు వీడియోలకంటే కఠినమైన నియమాలు కొన్ని ఉన్నాయి. ఉదాహరణకు, లైవ్‌లో తుపాకీని చేత పట్టుకుని చూపించకూడదు. రికార్డు చేసిన వీడియోలో చెల్లిన దృశ్యం లైవ్‌లో చెల్లుతుందని అనుకోవద్దు.

అప్పీలు Channel violations పెట్టె నుంచే చేయాలి. ఒక స్ట్రైక్‌కు ఒక్కసారే అప్పీలు చేయగలరు. స్ట్రైక్ వచ్చిన రోజు నుంచి 90 రోజుల వ్యవధి ఉంటుంది కాబట్టి కోపంలో ఆ రాత్రే రాయనక్కర్లేదు. ఉన్న ఒక్క అవకాశాన్ని నాకు అన్యాయం జరిగింది అన్న వాక్యంతో ఖర్చు చేసుకోకండి. ఫలానా నియమం ఏం చెబుతోంది, మీ ప్రసారంలో ఫలానా నిమిషంలో జరిగిందేమిటి, అది ఆ నియమం కిందికి ఎందుకు రాదు అన్నవి వరుసగా, చిన్న వాక్యాల్లో రాయండి. చదివేవారు ఆ నిమిషానికి వెళ్లి చూసి నిర్ణయించగలిగేలా ఉండాలి. ఉదాహరణకు, అందులో కనిపించింది ఆట వస్తువైతే ఎన్నో నిమిషంలో అది బొమ్మని తెలుస్తుందో చెప్పండి. కుటుంబం దీనిమీదే ఆధారపడి ఉందన్న మాట నిజమే కావచ్చు, కానీ ఉల్లంఘన జరిగిందా లేదా అన్న ప్రశ్నకు అది జవాబు కాదు.

ఆగిన రోజుల్లో అమరిక మార్చుకోవడం

ఆంక్ష తొలగడం ఒక్కటే చాలదు. లైవ్ పోవడానికి కారణమైన దారి మూయకపోతే వచ్చిన వారంలోనే మళ్లీ పోతుంది. ఓబీఎస్ వాడేవారైతే ముందు శబ్దం దగ్గర మొదలుపెట్టండి. ఆడియో మిక్సర్‌లో Desktop Audio అనే వరుస ఉంటుంది. అది తెరిచి ఉంటే కంప్యూటర్‌లో మోగే ప్రతి శబ్దమూ ప్రసారంలోకి వెళుతుంది. వెనక ట్యాబ్‌లో నడిచే పాట, మధ్యలో వచ్చే ప్రకటన, అతిథి పంపిన వీడియో క్లిప్పు అన్నీ వెళతాయి. దాన్ని నిశ్శబ్దం చేసి, విండోస్‌లో అయితే Application Audio Capture అనే సోర్సును చేర్చి, మీకు కావలసిన ఒక్క ప్రోగ్రామ్ శబ్దాన్నే తీసుకోండి.

మైక్ సంగతి కూడా చూడండి. గదిలో టీవీ మోగుతుంటే తెరమీద ఏమీ చూపకపోయినా దాని శబ్దం మైక్‌లో పడుతుంది. కంటెంట్ ఐడీ సరిపోల్చడానికి అది చాలవచ్చు. వ్యాఖ్యాత హెడ్‌ఫోన్ పెట్టుకుని వినాలి.

తర్వాత ఒక అత్యవసర దృశ్యాన్ని సిద్ధం చేసుకోండి. ఓబీఎస్‌లో కొత్త సీన్ తెరిచి అందులో మీ కెమెరా, మీ మైక్ తప్ప ఏదీ పెట్టకండి. సెట్టింగుల్లో Hotkeys భాగంలో ఆ సీన్‌కు ఒక మీట కేటాయించండి. నిశ్చల చిత్రం గానీ హెచ్చరిక గానీ కనిపించిన క్షణాన ఆ ఒక్క మీట నొక్కితే ఇతరుల కంటెంట్ మొత్తం ప్రసారం నుంచి తప్పుకుంటుంది. మౌస్‌తో వెతుక్కునే వ్యవధి అప్పుడు ఉండదు. లైవ్ నడిచేంతసేపూ ఇంకో ఫోన్‌లో శబ్దం లేకుండా మీ ప్రసారాన్ని ప్రేక్షకుడిలా తెరిచి ఉంచుకోండి. చూసేవారికి ఏం కనబడుతోందో మీకు తెలిసేది అందులోనే.

వాడబోయే సంగీతాన్ని ముందే పరీక్షించే మార్గం కూడా ఉంది. ఆ పాటతో ఒక చిన్న వీడియో చేసి, ప్రైవేటుగా అప్‌లోడ్ చేయండి. ప్రచురించే ముందు Checks అన్న దశలో కాపీరైట్ పరిశీలన జరుగుతుంది. క్లెయిమ్ కనిపిస్తే ఆ పాటను లైవ్‌లో వాడకండి, ఆ వీడియోను తొలగించండి. స్టూడియోలోని Audio library పాటలతో ఈ తిప్పలు తక్కువ. అయితే ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. ఆ సమయంలో నడుస్తున్న మరొకరి ప్రత్యక్ష ప్రసారంతో పోలికను ఇది ముందుగా పట్టుకోలేదు. మ్యాచ్‌ల విషయంలో పరీక్షలమీద ఆధారపడకుండా ప్రసారాన్ని పూర్తిగా వదిలేయాలి. మన ఉదాహరణలోని వ్యాఖ్యాత మూలనున్న పెట్టె స్థానంలో తానే తయారుచేసుకున్న స్కోరు పట్టిక, మైదానం బొమ్మ పెట్టుకోవచ్చు. ఆటగాళ్లు ఎవరెక్కడ నిలబడ్డారో ఆ బొమ్మ మీద గీసి చూపించే వ్యాఖ్యానం, చిన్న పెట్టెలో మసకగా కనిపించే టీవీ కంటే ప్రేక్షకుడికి ఎక్కువే ఇస్తుందని నా నమ్మకం.

తిరిగి వచ్చాక మొదటి లైవ్

గడువు తేదీ దాటాక ముందు Feature eligibility పేజీలో చూసుకోండి. వచ్చిందని తేలితే మొదటి ప్రసారాన్ని అందరికీ ప్రకటించకుండా, అన్‌లిస్టెడ్‌గా ఒక పదిహేను నిమిషాలు ఇవ్వండి. అన్‌లిస్టెడ్ లైవ్‌కు కూడా పరిశీలన ఉంటుంది కాబట్టి అందులోనూ మీ సొంతం కానిదేదీ ఉండకూడదు. మీ కొత్త అమరికలో ఏదైనా శబ్దం జారిపోతోందా అన్నది చూడటమే దీని ఉద్దేశం. ఆపాక రికార్డింగ్ పూర్తిగా సిద్ధమయ్యేదాకా వేచి ఉండి, Content పేజీలో దాని పక్కన Restrictions వరుస చూడండి. అక్కడ None అని ఉంటే ప్రేక్షకులను పిలవవచ్చు. Copyright అని ఉంటే వివరాల్లో చూపించిన నిమిషానికి వెళ్లి, ఆ క్షణంలో ఏ సోర్సు తెరిచి ఉందో ఓబీఎస్‌లో పట్టుకుని దాన్ని తీసేసి, అదే పదిహేను నిమిషాల పరీక్ష మళ్లీ చేయండి.